రిఫండ్ రావడానికి పిన్ అక్కర్లేదు: ఫేక్ కస్టమర్ కేర్ కాల్‌లో అసలు జరిగేది ఇదీ

పోయిన నెల ఒక సాయంత్రం మా బాబాయ్ కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, రిఫండ్ కోసం రివర్సల్ కోడ్ కొట్టమంటున్నారు. కొట్టేదా?" అన్నాడు. రివర్సల్ కోడ్ ఏంట్రా అని అడిగితే, "12490 అంట, అమౌంట్ బాక్స్‌లో వేయాలంట" అన్నాడు. అప్పటికే ఒకసారి వేరే 'కోడ్' కొట్టి 18,742 రూపాయలు పోగొట్టుకున్నాడని నాకు ఆ తర్వాతి నిమిషంలో తెలిసింది.

వాడేమీ అమాయకుడు కాదు. బీటెక్ థర్డ్ ఇయర్, ఫోన్‌లో రామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని నాకంటే ముందే చెప్పే రకం. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని వాడికి తెలుసు, నిజంగానే ఎవరికీ చెప్పలేదు. అయినా డబ్బు పోయింది. అందుకే వాడితో కూర్చుని ఆ కాల్‌ని మొదటి నుంచి చివరి వరకు ఒక్కో స్టెప్పూ రాసుకున్నాను. ఏ స్టెప్పులో ఏం జరిగిందో అర్థమైతే, మాటలు మార్చి వచ్చే తర్వాతి వెర్షన్‌ని కూడా మీరు పట్టుకోగలరు.

ఆర్డర్ ఎక్కడ చెడింది

వాడు 1,899 రూపాయలు పెట్టి వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ ఆర్డర్ చేశాడు. యూపీఐతో ముందే కట్టేశాడు. బాక్స్ ఓపెన్ చేస్తే లోపల పేరు లేని ఏదో లోకల్ నెక్‌బ్యాండ్. యాప్‌లో రిటర్న్ పెడితే పికప్ రెండుసార్లు క్యాన్సిల్ అయింది. చాట్‌లో "మీ రిక్వెస్ట్ పరిశీలనలో ఉంది" అన్న మెసేజే మళ్ళీ మళ్ళీ వస్తోంది. మనిషితో మాట్లాడితే తప్ప పని అవ్వదనుకుని, సెర్చ్‌లో ఆ స్టోర్ పేరు, పక్కన "customer care number" అని కొట్టాడు.

ఈ మోసానికి కావాల్సింది సరిగ్గా ఆ మూడ్. మామూలుగా తెలియని నంబర్ నుంచి కాల్ వస్తే మనకి అనుమానం వస్తుంది. ఇక్కడ కాల్ చేసింది మనమే. మనమే వెతికి, మనమే డయల్ చేశాం కాబట్టి అవతల ఉన్నది కంపెనీ వాళ్ళేనని మనసు ముందే ఒప్పేసుకుంటుంది.

ఆ నంబర్ సెర్చ్‌లోకి ఎలా వచ్చింది

వాడు డయల్ చేసిన నంబర్ ఎక్కడ దొరికిందో హిస్టరీలో వెతికాం. అది ఆ స్టోర్ సైట్‌లో లేదు. ఎక్కడో ఒక కాలేజీ వెబ్‌సైట్‌లో ఎవరో అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లో ఉంది. అందులో స్టోర్ పేరు, "కస్టమర్ కేర్", "రిఫండ్ హెల్ప్‌లైన్", "24 గంటలు" అన్న మాటలే ఇరవై సార్లు తిప్పి తిప్పి రాసి, మధ్యలో ఒక పది అంకెల మొబైల్ నంబర్ పెట్టారు. కాలేజీ సైట్ మీద సెర్చ్ ఇంజన్‌కి నమ్మకం ఎక్కువ కాబట్టి ఆ పీడీఎఫ్ పైకి వచ్చేసింది. రిజల్ట్‌లో నంబర్ పెద్ద అక్షరాల్లో కనిపించింది, లింక్ కూడా ఓపెన్ చేయకుండా వాడు డయల్ చేసేశాడు.

ఇది ఒక దారి మాత్రమే. డబ్బులిచ్చి పెట్టిన యాడ్ రూపంలో రావచ్చు. మ్యాప్స్‌లో ఒక ఆఫీసు లిస్టింగ్‌కి ఎవరైనా "నంబర్ మారింది" అని ఎడిట్ సూచించే వీలుంది, అలా మార్చిన నంబర్ కూడా కావచ్చు. మీరు ఎక్స్‌లోనో ఇన్‌స్టాలోనో ఆర్డర్ నంబర్ పెట్టి కంప్లయింట్ రాస్తే, కాసేపటికి కంపెనీ లోగో, కంపెనీని పోలిన పేరు ఉన్న హ్యాండిల్ నుంచి "మీ నంబర్ డీఎం చేయండి" అని రిప్లై రావచ్చు. దారి ఏదైనా చివరికి జరిగేది ఒకటే: నంబర్ మీ చేతికి వచ్చింది, కానీ కంపెనీ చేతి నుంచి కాదు.

కాబట్టి మొదటి పరీక్ష నంబర్ ఎలా కనిపిస్తోందన్నది కాదు, ఎక్కడ దొరికిందన్నది. 1800తో మొదలైతే నిజమైనది, మొబైల్ నంబర్ అయితే దొంగది అని గుడ్డిగా అనుకోవడానికి లేదు. ఆర్డర్ పెట్టిన యాప్‌లోనే హెల్ప్ సెక్షన్‌లోకి వెళ్ళండి, లేదా వెబ్ అడ్రస్ మీరే టైప్ చేసి సైట్ అడుగున ఉండే కాంటాక్ట్ పేజీ చూడండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ స్టోర్ తన కస్టమర్ కేర్ వివరాలు, గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, కాంటాక్ట్ తన ప్లాట్‌ఫామ్ మీదే చూపించాలి. కొన్ని స్టోర్లకి నేరుగా కాల్ చేసే నంబరే ఉండదు, యాప్‌లో "నాకు కాల్ చేయండి" అన్న ఆప్షన్ మాత్రమే ఉంటుంది. అలాంటి స్టోర్‌కి సెర్చ్‌లో నంబర్ దొరికిందంటే, అదే పెద్ద క్లూ.

కాల్‌లో ఏం జరిగింది

వాడు డయల్ చేయగానే రెండు రింగులకే కట్ అయింది. నిమిషంలో వేరే నంబర్ నుంచి తిరిగి కాల్ వచ్చింది. "సర్, లైన్లు బిజీగా ఉన్నాయి, మీ కాల్ మిస్ అయింది" అంటూ చాలా మర్యాదగా మాట్లాడాడు. వెనక కాల్ సెంటర్ సందడి కూడా వినిపించిందట. ఆర్డర్ నంబర్, ప్రొడక్ట్ పేరు, ఎంత కట్టారు, ఏ బ్యాంక్ అని అడిగాడు. అన్నీ వాడే చెప్పాడు. రెండు నిమిషాల తర్వాత అవతలి వ్యక్తి అవే వివరాలు తిప్పి చదివి "కన్ఫర్మ్ సర్?" అనేసరికి, వాళ్ళ సిస్టమ్‌లో తన ఆర్డర్ కనిపిస్తోందని వీడు అనుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. వివరాలు మీరు చెప్పకుండానే అవతలివాడు చెప్పినా అది రుజువు కాదు. డెలివరీ బాక్స్ మీద అంటించే లేబుల్‌లో పేరు, అడ్రస్, ఆర్డర్ వివరాలు ఉంటాయి, ఒక్కోసారి ఫోన్ నంబర్ కూడా ఉంటుంది. దాన్ని చింపకుండా చెత్తలో వేస్తే ఎవరికైనా దొరుకుతుంది.

తర్వాత "రిఫండ్ సర్వర్‌లో ఇరుక్కుపోయింది, నేనే స్క్రీన్ చూసి గైడ్ చేస్తా" అని ప్లే స్టోర్ నుంచి ఒక స్క్రీన్ షేరింగ్ యాప్ ఇన్‌స్టాల్ చేయించాడు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి నిజమైన యాప్‌లే, ఆఫీసుల్లో రోజూ వాడతారు. అందుకే ఫోన్ దాన్ని వైరస్ అని ఆపదు. వీడు అందులోని తొమ్మిది అంకెల కోడ్ చెప్పి, "Start now" నొక్కాడు.

ఆ తర్వాతి ప్రశ్న మామూలుగా అనిపించింది: "సర్, జీరో బ్యాలెన్స్ అకౌంట్‌లో రిఫండ్ ఫెయిల్ అవుతుంది. మీ అకౌంట్‌లో మినిమమ్ ఉందా? ఎంతుంది?" వీడు 31,400 అన్నాడు. హాస్టల్ ఫీజు కోసం బాబాయ్ ముందురోజే పంపిన డబ్బు అది.

ఇక అసలు ట్రిక్. "యూపీఐ యాప్ తెరిచి, నేను చెప్పే రిఫండ్ ఐడీ ఎంటర్ చేయండి" అన్నాడు. అది మామూలు యూపీఐ ఐడీ, ముందు refund అన్న మాట తగిలించి ఉంది అంతే. తర్వాత ఖాళీగా ఉన్న బాక్స్ చూపించి, "ఇక్కడ మీ కేస్ నంబర్ వేయండి సర్, 18742" అన్నాడు. ఆ బాక్స్ కేస్ నంబర్ వేసేది కాదు, అమౌంట్ వేసేది. కేస్ నంబర్ కూడా కేస్ నంబర్ కాదు. బ్యాలెన్స్ ఎంతో విన్న తర్వాత, అందులో సరిపోయేలా, గుండ్రంగా కనిపించకుండా అప్పటికప్పుడు అల్లిన అంకె. చివరగా "అకౌంట్ మీదేనని వెరిఫై చేయడానికి పిన్ కొట్టండి, నాకు మాత్రం చెప్పకండి సర్" అన్నాడు. ఆ చివరి మాటే వీడి అనుమానాన్ని పూర్తిగా చల్లార్చింది.

నిజానికి వాడికి పిన్ తెలియాల్సిన అవసరమే లేదు. చాలా యూపీఐ యాప్‌లలో పిన్ కొట్టే పేజీ స్క్రీన్ షేరింగ్‌లో నల్లగా కనిపిస్తుంది, అవతలివాడు చూడలేడు కూడా. అందుకే పిన్ దొంగిలించే బదులు, మీ చేత్తోనే కొట్టించే పద్ధతి కనిపెట్టారు.

డబ్బు కట్ అయిందని మెసేజ్ వచ్చింది. వీడు కంగారుపడితే, "ఓహ్, టెక్నికల్ ఎర్రర్ సర్, రివర్సల్ కోడ్ వేస్తే రెండూ కలిపి వెనక్కి వస్తాయి" అన్నాడు. కోడ్ 12490. అకౌంట్‌లో మిగిలింది 12,658. లెక్క చూడండి, ఎంత దగ్గరగా కోశాడో! ఆ అంకె దగ్గరే వీడి వేలు ఆగి, నాకు కాల్ చేశాడు.

స్క్రీన్ మీద కనిపించిన, చూడకుండా వదిలేసిన రెండు విషయాలు

మొదటిది పేరు. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు పంపే ముందు, అవతలి అకౌంట్‌కి బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరునే చూపించాలని ఎన్‌పీసీఐ రూల్ పెట్టింది. వాడి స్క్రీన్ మీద కూడా స్టోర్ పేరు కాదు, ఎవరో ఒక మనిషి పేరు వచ్చింది. వీడు అడిగాడు కూడా. "అది మా అకౌంట్స్ ఆఫీసర్ పేరు సర్" అన్న జవాబుతో సరిపెట్టుకున్నాడు. ఏ స్టోర్ రిఫండూ ఒక వ్యక్తి సొంత అకౌంట్ నుంచి రాదు. పైగా రిఫండ్‌లో మీరు అవతలి పేరు చూసే సందర్భమే ఉండదు. పంపేటప్పుడే అవతలి పేరు కనిపిస్తుంది.

రెండోది బటన్. ఆ పేజీలో "Pay" అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. ఫోన్ చెవి దగ్గర ఒకడు నిర్విరామంగా మాట్లాడుతుంటే కళ్ళు చదవవు. స్పీకర్ ఆన్ చేయించి, "కట్ చేయకండి సర్, సెషన్ ఎక్స్‌పైర్ అవుతుంది" అనేది అందుకే.

యూపీఐలో పిన్ అనేది డబ్బు బయటికి పోవడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికీ. డబ్బు లోపలికి రావడానికి పిన్ ఎప్పుడూ, ఎక్కడా అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఆ కాల్ అక్కడితో ముగిసేది.

ఇంతకుముందు ఇదే పనికి "కలెక్ట్ రిక్వెస్ట్" వాడేవాళ్ళు. "రిఫండ్ వచ్చింది, యాక్సెప్ట్ చేయండి" అని నోటిఫికేషన్ పంపితే, యాక్సెప్ట్ చేసి పిన్ కొట్టగానే డబ్బు పోయేది. వ్యక్తుల మధ్య ఈ కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేసింది. వ్యాపారులు పంపేవి మాత్రం అప్పట్లో కొనసాగాయి. ఒక తలుపు మూసుకునేసరికి, మీ చేతే అమౌంట్ టైప్ చేయించే ఈ తలుపుకి గిరాకీ పెరిగింది.

ఇంకో వెర్షన్‌లో యూపీఐ ఊసే ఉండదు. వాట్సాప్‌లో Refund_Form.apk లాంటి పేరుతో ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమంటారు. అది తెరవగానే ఎస్ఎంఎస్ పర్మిషన్, ఆ తర్వాత యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది. ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇస్తే మీకొచ్చే ఓటీపీలు మీరు చెప్పకుండానే వాళ్ళకి చేరతాయి. యాక్సెసిబిలిటీ ఇస్తే స్క్రీన్ మీద మీరేం నొక్కుతున్నారో చదవగలదు, మీ బదులు నొక్కగలదు. రిఫండ్ ఫారం నింపడానికి మీ మెసేజ్‌లు చదవాల్సిన పనేంటి అని ఆ పర్మిషన్ పేజీ దగ్గర ఒక్క సెకను ఆగితే చాలు.

నిజమైన రిఫండ్ ఎలా వస్తుంది

ముందే కట్టిన ఆర్డర్ అయితే రిఫండ్ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మామూలుగా అక్కడికే తిరిగి వెళ్తుంది. యూపీఐతో కడితే అదే అకౌంట్‌కి, కార్డుతో కడితే అదే కార్డుకి. స్టోర్ దగ్గర పాత ట్రాన్సాక్షన్ రికార్డ్ ఉంటుంది, దాని మీదే రిఫండ్ వేస్తారు. అంటే మిమ్మల్ని అకౌంట్ అడగాల్సిన పని కూడా లేదు.

కాస్త తికమక పెట్టేది క్యాష్ ఆన్ డెలివరీ. అప్పుడు స్టోర్‌కి మీ అకౌంట్ తెలియదు కాబట్టి అకౌంట్ నంబర్, ఐఎఫ్ఎస్‌సీ, లేదా యూపీఐ ఐడీ అడగడం న్యాయమే. కానీ అవి యాప్ లోపల, మీ ఆర్డర్ పేజీలో మీరే నింపండి, ఫోన్‌లో ఎవరికీ చెప్పకండి. ఈ మూడింటిలో ఏదీ డబ్బు తీయడానికి సరిపోదు. పిన్, ఓటీపీ, కార్డు వెనక సీవీవీ, కార్డు ఎక్స్‌పైరీ డేట్ అడిగితే మాత్రం అది రిఫండ్ కాదు.

"రిఫండ్ వేసేశాం" అని స్టోర్ అంటే దానికో రెఫరెన్స్ నంబర్ ఉంటుంది. యూపీఐకి 12 అంకెల యూటీఆర్, కార్డుకి ఏఆర్‌ఎన్ అంటారు. అది చాట్‌లో అడిగి తీసుకుని మీ బ్యాంకుకి ఇస్తే, డబ్బు ఎక్కడుందో వాళ్ళు చూడగలరు. రిఫండ్ నిజంగా ఇరుక్కుపోతే చేయాల్సింది ఇదీ, స్క్రీన్ షేరింగ్ కాదు. స్టోర్ అసలు పలకకపోతే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అని పైన చెప్పిన నిబంధనల్లోనే ఉంది. అప్పటికీ కదలకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది.

డబ్బు పోయాక మొదటి అరగంట

వాడు నాతో మాట్లాడగానే చేయించిన మొదటి పని కాల్ కట్ చేసి, వైఫై, మొబైల్ డేటా ఆపేయడం. నెట్ ఆగితే స్క్రీన్ షేరింగ్ ఆగుతుంది. రెండోది, పక్కనున్న ఫ్రెండ్ ఫోన్ నుంచి 1930కి కాల్. ఇది ఆన్‌లైన్ ఆర్థిక మోసాల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్. మీ ట్రాన్సాక్షన్ రెఫరెన్స్ నంబర్, టైమ్, అమౌంట్ అడుగుతారు. ఆ వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకి వెళ్తాయి, డబ్బు ఇంకా అక్కడే ఉంటే దాన్ని హోల్డ్‌లో పెడతారు. అందుకే ఇక్కడ నిమిషాలు లెక్క. దొంగలు డబ్బుని ఒక అకౌంట్‌లో ఉంచరు, చిన్న ముక్కలుగా చేసి వేరే అకౌంట్లకి తోసేస్తారు.

తర్వాత బ్యాంకుకి చెప్పి యూపీఐ బ్లాక్ చేయించాం, cybercrime.gov.in లో కంప్లయింట్ పూర్తి చేశాం. కాల్ లాగ్, చాట్, ఆ పీడీఎఫ్ లింక్, యూపీఐ ఐడీ అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీశాకే ఆ యాప్ తీసేశాం. ఏపీకే ఇన్‌స్టాల్ చేసిన కేసు అయితే, ఆధారాలు దాచుకున్నాక ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మంచిది. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోవాలి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు కస్టమర్‌దీ బ్యాంకుదీ కాకుండా వేరే చోట జరిగితే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్ళకి నష్టం ఉండదు. కానీ కస్టమర్ అజాగ్రత్త వల్ల జరిగితే, బ్యాంకుకి చెప్పేంత వరకు పోయిన డబ్బు కస్టమరే భరించాలి. చెప్పిన తర్వాత పోయేదానికి బ్యాంకు బాధ్యత. పిన్ మీరే కొట్టిన కేసుని బ్యాంకులు సాధారణంగా ఈ రెండో లెక్కలోనే చూస్తాయి. కాబట్టి సిగ్గుపడి ఆగిన ప్రతి గంటా మీ జేబులోంచే పోతుంది.

మా వాడి 18,742లో 6,200 హోల్డ్‌లో దొరికింది, అది చేతికి రావడానికి ప్రాసెస్ ఇంకా నడుస్తోంది. మిగతాది అప్పటికే దాటిపోయింది. పది రోజుల తర్వాత ఇంకో కాల్ వచ్చింది. "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు రికవర్ అయింది, రిలీజ్ ఛార్జీ 1,500 కట్టండి" అని. ఈసారి వాడు ఒక్క ప్రశ్న అడిగాడు: "డబ్బు నాకు రావాలంటే నేనెందుకు కట్టాలి?" అవతల ఫోన్ పెట్టేశారు.

ఇయర్‌బడ్స్ రిఫండ్ సంగతి అడుగుతారేమో. యాప్ చాట్‌లో అన్‌బాక్సింగ్ ఫొటోలు మళ్ళీ పెట్టి, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఒక మెయిల్ కొట్టాం. ఆరో రోజు పొద్దున వాడు నిద్రలో ఉండగా 1,899 రూపాయలు అకౌంట్‌లో పడ్డాయి. ఎవరూ కాల్ చేయలేదు, పిన్ అడగలేదు.